కాత్యా ఎప్పుడు ఎకతెరీనా సెర్గేయెవ్నా అవుతుంది?

దొస్తొయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ చదువుతుంటే, కథ మొత్తం రాస్కోల్నికోవ్ అని నడిచే విద్యార్థి తల్లి రాసిన ఉత్తరంలో రోద్యా అయిపోతాడు. కేసు విచారించే అధికారి ఎదురుగా కూర్చున్నప్పుడు రొదియోన్ రొమానొవిచ్ అవుతాడు. మనిషి ఒక్కడే. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు వచ్చే రోజుల్లో విశాలాంధ్రలో కొనుక్కుని చదివిన తరానికి ఈ తికమక బాగా అనుభవం. అప్పుడు చాలామంది అనువాదకుణ్ని అనుమానించారు గానీ ఆయన తప్పేం లేదు. రష్యన్లు నిజంగానే ఒక మనిషిని ఇన్ని రకాలుగా పిలుస్తారు. ఎవరు, ఎక్కడ, ఏ పేరు వాడాలో వాళ్లకి స్పష్టమైన పద్ధతి ఉంది. అది తెలిస్తే, పిలుపు వినగానే ఆ ఇద్దరి మధ్య చనువెంతో, దూరమెంతో తెలిసిపోతుంది.

రష్యన్ పేరులో మూడు భాగాలు. మొదటిది పెట్టిన పేరు, దాన్ని ఇమ్యా అంటారు. రెండోది తండ్రి పేరు నుంచి వచ్చే ఒచెస్త్వొ. మూడోది ఇంటిపేరు, ఫమీలియా. దరఖాస్తుల్లో, జాబితాల్లో మన పద్ధతిలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. పుతిన్ వ్లదీమిర్ వ్లదీమిరొవిచ్ అన్నట్టు. మాటల్లో మాత్రం పెట్టిన పేరే ముందు వస్తుంది.

వీటిలో మనకి కొత్తది మధ్యలోని ఒచెస్త్వొ. తండ్రి ఇవాన్ అయితే కొడుకు ఇవానొవిచ్, కూతురు ఇవానొవ్నా. తండ్రి సెర్గేయ్ అయితే సెర్గేయెవిచ్, సెర్గేయెవ్నా. అచ్చుతో ముగిసే కొన్ని పేర్లకి రూపం కాస్త మారుతుంది. లెనిన్ తండ్రి పేరు ఇల్యా, అందుకే ఆయన వ్లదీమిర్ ఇల్యిచ్. ఆయన చెల్లెలు మరియా ఇల్యీనిచ్నా. ఆడవాళ్లకి ఇంటిపేరు చివర కూడా మారుతుంది. ఇవానోవ్ కూతురు ఇవానోవా, టాల్‌స్టాయ్ భార్య టాల్‌స్టాయా. షెవ్‌చెంకో లాంటి ఇంటిపేర్లు మాత్రం ఇద్దరికీ ఒకటే.

పెళ్లయితే ఆడమనిషి ఇంటిపేరు మారొచ్చు, ఒచెస్త్వొ మారదు. అన్నా కరెనినా నవలే చూడండి. కరెనినా అన్నది ఆమె భర్త ఇంటిపేరు. ఆమె అన్న ఇంటిపేరు ఒబ్లోన్‌స్కీ. ఇంటిపేర్లు చూస్తే వీళ్లు ఒక కడుపున పుట్టినవాళ్లని తెలియదు. కానీ ఆమె అన్నా అర్కాద్యెవ్నా, ఆయన స్తెపాన్ అర్కాద్యెవిచ్. అర్కాదీ పిల్లలన్నమాట. నవల చదివేటప్పుడు ఇంటిపేరు పక్కన పెట్టి మధ్య పేరు మీద కన్నేసి ఉంచితే అన్నాచెల్లెళ్లెవరో, తండ్రీకొడుకులెవరో దానంతట అదే తెలుస్తుంది. ఇంత ఉపయోగమైన సూత్రం మన ముద్రణల్లో ముందుమాటలోనే చెప్పి ఉండాల్సింది.

రష్యన్‌లో పేరు వెనక తగిలించే గౌరవవాచకం లేదు. పెట్టిన పేరు, దాని వెంట ఒచెస్త్వొ కలిపి పలకడమే గౌరవం. దాంతోపాటు ‘మీరు’ అనే అర్థంలో ‘వీ’ వాడతారు. టీచరు, డాక్టరు, పై అధికారి, స్నేహితుడి తల్లిదండ్రులు, వయసులో పెద్దవాళ్లు, వీళ్లందరికీ ఇదే పిలుపు. ఇంటిపేరు దాంతో కలపరు. చదువు చెప్పే ప్రొఫెసర్‌ని ‘ప్రొఫెసర్ ఇవాన్’ అని పిలిస్తే వింతగా వినిపిస్తుంది. ‘ఇవాన్ పెత్రోవిచ్’ అంటే చాలు, మరే బిరుదూ అక్కర్లేదు.

ఒక యువతిని ఊహించుకుందాం. ఎకతెరీనా సెర్గేయెవ్నా ఒర్లోవా, ఇరవై రెండేళ్లు, ఇప్పుడే బడిలో టీచరుగా చేరింది. నిన్నటిదాకా ఇంట్లో ఆమె కాత్యా. ముద్దొస్తే వాళ్లమ్మ కాతెంకా అంటుంది. కాలేజీ స్నేహితులు కాత్యా అనో, సరదాగా కాత్కా అనో పిలుస్తారు. సెప్టెంబరు ఒకటిన, అంటే రష్యాలో బడులు తెరిచే రోజున, ఆమె తరగతిలో అడుగుపెట్టగానే ముప్పైమంది పిల్లలకి ఎకతెరీనా సెర్గేయెవ్నా అయిపోతుంది. అప్పటివరకూ ఆ రెండు ముక్కలూ కలిపి ఆమెని ఎవరూ పిలిచి ఉండకపోవచ్చు. పక్క తరగతి టీచరు ఆమెకి ప్రాణస్నేహితురాలే అయినా, పిల్లల ముందు ‘ఎకతెరీనా సెర్గేయెవ్నా, ఒక్క నిమిషం’ అంటుంది. స్టాఫ్‌రూమ్ తలుపు వేసుకున్నాక మళ్లీ కాత్యా. ఆమె మాత్రం హాజరు పిలిచేటప్పుడు పిల్లల్ని ‘పెత్రోవ్, సిదొరోవా’ అని ఉత్త ఇంటిపేర్లతో పిలవచ్చు. తరగతి గదిలో, సైన్యంలో అది మామూలే. అదే పిలుపు పరిచయం లేని పెద్దమనిషికి వాడితే మొరటుగా ఉంటుంది.

రాసేటప్పుడు ఉన్న నిండుతనం పలికేటప్పుడు ఉండదు. ఇవానొవిచ్ నోట్లో ఇవానిచ్ అవుతుంది. మరియా ఇవానొవ్నా మరివాన్నా అవుతుంది. అలెక్సాందర్ అలెక్సాంద్రొవిచ్ అనే పొడవాటి పేరు బరువు ‘సాన్ సానిచ్’ దగ్గర తేలిపోతుంది. ఇందులో అగౌరవం ఏమీ లేదు, నోటి వాడుకే అంత. అయితే కాగితం మీద రాసేటప్పుడు పూర్తి రూపమే రాయాలి.

ఇక ముద్దుపేర్లు. చాలావాటికి పొట్టిరూపం స్థిరపడిపోయి ఉంటుంది. అలెక్సాందర్‌కి సాషా, మిఖాయిల్‌కి మీషా, ఇవాన్‌కి వాన్యా, ద్మీత్రీకి దీమా లేదా మీత్యా, మరియాకి మాషా. ఇవి ఇంట్లోనూ స్నేహితుల మధ్యా మామూలు పేర్లు, ‘నువ్వు’ అనే అర్థంలోని ‘తీ’తో నడుస్తాయి. వాటి చివర ‘ఎంకా’, ‘ఎచ్కా’ చేరితే ముద్దు పెరుగుతుంది. ఉత్త ‘కా’ చేరితే జాగ్రత్తపడాలి. వాన్కా, కాత్కా అనే పిలుపు ఈడువాళ్ల మధ్య చనువు, పైవాడు కిందివాణ్ని పిలిస్తే చులకన. మనం పేరు చివర ‘గాడు’ తగిలిస్తే ఏమవుతుందో సరిగ్గా అదే అవుతుంది. ఒకప్పుడు రష్యాలో జార్‌కి అర్జీ పెట్టుకునేవాళ్లు తమను తాము ఈ తక్కువ రూపంలోనే, ‘ఇవాష్కా’ అని రాసుకోవాల్సి వచ్చేది. పూర్తి పేర్లే రాయాలని పీటర్ చక్రవర్తి 1701లో ఆజ్ఞ ఇచ్చాక అది ఆగింది. ‘విచ్’తో ముగిసే ఒచెస్త్వొ కూడా చాలాకాలం గొప్పవాళ్ల హక్కుగానే ఉండేది. సామాన్యుడు ‘ఇవాన్ కొడుకు ప్యోతర్’ అని మాత్రమే నమోదయ్యేవాడు.

ఈ మెట్లన్నీ ఒకే మనిషి జీవితంలో చూడాలంటే టాల్‌స్టాయ్ 1899లో వెలువరించిన ‘రిసరెక్షన్’ చదవాలి. నాకు తెలిసి పేరు గురించి ఇంత లోతుగా ఆలోచించిన నవల మరొకటి లేదు. కథానాయిక పెళ్లికాని పనిమనిషి బిడ్డ. ఇద్దరు జమీందారీ అక్కాచెల్లెళ్లు ఆమెను చేరదీస్తారు. ఒకామె సోఫియా ఇవానొవ్నా, పిల్లని చదివించి సొంత కూతురిలా పెంచుదామంటుంది. రెండో ఆమె మరియా ఇవానొవ్నా, మంచి పనిమనిషిగా తయారుచేద్దామంటుంది. పిల్ల సగం పనిమనిషిగా, సగం పెంపుడుబిడ్డగా పెరుగుతుంది. దానికి తగ్గట్టే ఆమెకి పనివాళ్లని పిలిచే కాత్కా కాకుండా, కన్నబిడ్డని పిలిచే కాతెంకా కాకుండా, రెంటికీ మధ్యలో కత్యూషా అనే పేరు నిలిచిపోయిందని టాల్‌స్టాయ్ స్వయంగా చెబుతాడు. మూడు రూపాలూ ఎకతెరీనా నుంచి వచ్చినవే.

ఆ తర్వాత ఆ ఇంటి మేనల్లుడు ఆమెని చెరిచి వెళ్లిపోతాడు. ఆమె వేశ్యాగృహానికి చేరుతుంది. అక్కడ పేరు మారి ల్యూబొవ్ అవుతుంది. చివరికి హత్యానేరం మీద కోర్టులో నిలబడుతుంది. అదే మేనల్లుడు జ్యూరీలో కూర్చుని ఉంటాడు. జడ్జి పేరడిగితే ల్యూబొవ్ అంటుంది. కాగితాల్లో వేరే ఉందని నిలదీస్తే, ఒకప్పుడు ఎకతెరీనా అని ఒప్పుకుంటుంది. తండ్రి పేరు అడిగితే తాను అక్రమ సంతానమని చెప్పాల్సివస్తుంది. అయినా ఖాళీ వదలడానికి వీల్లేదు కనుక జ్ఞానపిత పేరు మీద మిఖాయిలొవా అని రాసుకుంటారు. ఇంటిపేరు తల్లిది, మస్లోవా. తండ్రి లేకపోవడం అంటే రష్యాలో పేరులోనే ఒక గడి ఖాళీగా ఉండటం. అందరి ముందు ఆ గడి నింపమని అడగటమే ఆ సన్నివేశంలో ఆమెకి పడిన తొలి శిక్ష. ఇప్పుడు చట్టం ఆ గడిని అవమానంగా మిగలనివ్వడం లేదు. తండ్రి ఎవరో నిర్ధారణ కాకపోతే తల్లి ఏ ఒచెస్త్వొ చెబితే అదే రాస్తారు.

చెహోవ్ కథ ‘వాన్కా’ తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. చెప్పుల దుకాణంలో తన్నులు తింటున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు తాతకి ఉత్తరం రాసి, కవరు మీద ‘పల్లెలో తాతయ్యకి’ అని పెడతాడు. కాస్త ఆలోచించి, తాత పేరూ ఒచెస్త్వొ చేర్చి, ‘కొన్‌స్తంతీన్ మకారిచ్‌కి’ అని పూర్తిచేస్తాడు. పల్లెలో ఆ ముసలాయన్ని అందరూ పిలిచేది అలాగే. కానీ టపా వాడికి ఊరి పేరు కావాలి, ఇంటిపేరు కావాలి. ఎదురుగా ఉన్న మనిషికి సరిపోయే మర్యాదైన పిలుపు చిరునామాకి పనికిరాదని ఆ పిల్లవాడికి తెలియదు.

ఈ మధ్య వాడుక కొంత మారింది. పత్రికల్లో, టీవీలో, ప్రైవేటు ఆఫీసుల్లో ఒచెస్త్వొ తగ్గి, పూర్తి పేరుతో ‘వీ’ వాడటం పెరిగింది. ఎకతెరీనా అని మాత్రమే అంటారు, ‘మీరు’ అనే మాట్లాడతారు. బడుల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో మాత్రం పాత పద్ధతి గట్టిగానే ఉంది. ‘గొస్పదీన్’ అనే మాట ఇంటిపేరుతోనే కలుస్తుంది, అదీ అధికారిక సందర్భాల్లో. ‘గొస్పదీన్ ఇవాన్’ అనకూడదు. ఉత్త ఒచెస్త్వొతో ‘పెత్రోవిచ్’ అని పిలవడం కూడా వినిపిస్తుంది. అది ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన పెద్ద మేస్త్రీకో, ఇరుగుపొరుగు ముసలాయనకో దక్కే ఆప్యాయత. ముందు రోజే పరిచయమైన అధికారిని అలా పిలిస్తే మీద పడి చనువు తీసుకున్నట్టు ఉంటుంది.

మన ఊళ్ల నుంచి వైద్యవిద్యకి రష్యా వెళ్తున్న పిల్లలకి ఒక మాట. మొదటి రోజు ప్రతి అధ్యాపకుడి పేరూ ఒచెస్త్వొతో సహా నోట్సులో రాసుకోండి, తలుపు మీద పలకలో చాలాసార్లు అది ఉంటుంది. తెలియకపోతే ‘కాక్ వాషె ఇమ్యా-ఒచెస్త్వొ?’ అని నేరుగా అడగండి. అలా అడగటం అక్కడ తప్పు కాదు, మర్యాదే. అవతలివాళ్లు తమంతట తాము ‘సాషా అనండి చాలు’ అనేవరకూ పొట్టిపేరు జోలికి వెళ్లకండి.