ఆ రూం కాస్త ఇవ్వగలరా?

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం నాడు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకు ఆ గొడవ లేదు. కానీ మర్నాడు సాయంత్రం మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏదో ఒక ఆఫీసులో, ఒకే మీటింగ్ రూం తలుపు దగ్గర రెండు టీంలు లాప్‌టాప్‌లు పట్టుకుని ఎదురుపడతాయి. ఇద్దరూ ‘బుక్ చేసుకున్నాం’ అనే అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు.

లెక్క చూద్దాం. న్యూయార్క్ క్లయింటుతో ప్రతి సోమవారం ఒక కాల్ ఉందనుకోండి. అక్కడ ఉదయం 9 గంటలు. ఎండాకాలం లెక్కలో మనకది సాయంత్రం 6:30. నవంబరు నుంచి అదే కాల్ 7:30కి జరుగుతుంది. ఆ మీటింగ్ పెట్టింది న్యూయార్క్ మనిషి కాబట్టి అది అక్కడి గడియారం వెంట నడుస్తుంది. ఇదే హైదరాబాద్ ఆఫీసులో సపోర్ట్ టీం వాళ్లు ప్రతి సోమవారం 7:30కి షిఫ్టు మారేటప్పుడు పని అప్పగింతల మీటింగ్ పెట్టుకుంటారు. వాళ్లది మన గడియారం, అది కదలదు. 2025లో నవంబరు 3న ఈ రెండూ నాలుగో ఫ్లోర్ పెద్ద రూంలో ఢీకొన్నాయనుకుందాం.

మరి క్యాలెండర్ ముందే చెప్పలేదా అంటే, చెప్పింది. ఔట్‌లుక్ లాంటి వ్యవస్థల్లో రూంకి కూడా ఒక మెయిల్‌బాక్స్ ఉంటుంది. ఖాళీగా ఉంటే సరేనంటుంది, లేకపోతే కుదరదంటుంది. వారం వారం వచ్చే మీటింగుల్లో కొన్ని తేదీలు మాత్రమే తగులుకుంటే, చాలా ఆఫీసుల్లో చేసుకున్న ఏర్పాటు ప్రకారం మొత్తం వరుసను ఒప్పుకుని ఆ తేదీలను మాత్రం తిప్పికొడుతుంది. ఏ తేదీలు కుదరవో మెయిల్ కూడా పంపుతుంది. ఆ మెయిల్ వెళ్లేది మీటింగ్ పెట్టిన మనిషికి, అంటే న్యూయార్క్‌కి. హైదరాబాద్‌లో రూం దొరికిందో లేదో ఆయనకెందుకు? ఆయన మెయిల్ తెరిచి ఉండడు. ఇక్కడి వాళ్ల ఇన్విటేషన్‌లో మాత్రం రూం పేరు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి అడిగే ముందు చేయాల్సిన పని ఒకటుంది. షెడ్యూలింగ్ అసిస్టెంట్‌లో ఆ రూం వరుస తెరిచి, ఆ తేదీన ఆ గంట ఎవరి పేరు మీద ఉందో చూడాలి. మన కథలో అది సపోర్ట్ టీం వాళ్లదే. క్లయింట్ కాల్ టీం లీడ్ ఇది చూడకుండా ‘మా రూంలో మీరున్నారు’ అంటూ వెళ్తే, ఎదుటాయన ఫోన్ తీసి బుకింగ్ చూపిస్తాడు. ఆ తర్వాత ఎంత మర్యాదగా అడిగినా దండగే. మామూలుగా రూం క్యాలెండర్‌లో మీటింగ్ విషయం చెరిపేసి పెట్టినవాళ్ల పేరు మాత్రమే ఉంచుతారు. కొన్ని ఆఫీసుల్లో అదీ కనిపించదు, రూంలు చూసే అడ్మిన్ వాళ్లను అడగాల్సిందే. ఎవరిదో తెలిసినా ఎందుకో తెలియదు. అది రోజువారీ ముచ్చట కావచ్చు, ఒకరి ఉద్యోగం గురించిన మాట కావచ్చు. అందుకే ‘మీ మీటింగ్ దేని గురించి?’ అని ఆరా తీయకూడదు. వాళ్లకు ఆ రూంలో ఏది అవసరమో కనుక్కుంటే చాలు.

టీం లీడ్ శుక్రవారం మధ్యాహ్నమే సపోర్ట్ టీం ఆయనకు విడిగా చాట్‌లో ఇలా రాస్తే బాగుంటుంది:

‘అన్నా, సోమవారం సాయంత్రం ఏడున్నరకి నాలుగో ఫ్లోర్ పెద్ద రూం మీ పేరు మీద ఉంది, చూశాను. అమెరికా టైం మారి మా క్లయింట్ కాల్ కూడా అదే టైంకొచ్చి పడింది. కాల్‌కి తొమ్మిదిమందిమి, పెద్ద స్క్రీన్ కావాలి. మీకు ఆ రోజు పెద్ద రూంతో పని లేకపోతే మాకివ్వగలరా? రెండో ఫ్లోర్‌లో ఆరుగురు పట్టే రూం అదే టైంకి మీకోసం పట్టి ఉంచాను. కుదరకపోతే పర్లేదు, మేం సీట్ల నుంచే చేరతాం.’

ఇందులో బరువంతా రెండుచోట్ల ఉంది. ‘మీ పేరు మీద ఉంది’ అనడంతో హక్కు ఎవరిదన్న వాదన అక్కడికక్కడే తీరిపోయింది, ఇక మాట్లాడుకోవాల్సింది అవసరాల గురించే. ‘సీట్ల నుంచే చేరతాం’ అనడంతో కాదనడానికి దారి తెరిచి ఉంచినట్టయింది. ఇదే మాట గ్రూపులో పెట్టి ఉంటే ఆయన ఒప్పుకున్నా నలుగురిలో తగ్గినట్టే ఉండేది. మేనేజరును కాపీలో పెడితే అది అడగడం కాదు, ఫిర్యాదు. అడిగేవాళ్లు పై హోదాలో ఉంటే మరీ జాగ్రత్త కావాలి. ‘కాస్త అడ్జస్టవ్వమ్మా’ అని డైరెక్టర్ అంటే కొత్తగా చేరిన అమ్మాయి ఇంకేమంటుంది?

ఒప్పుకున్న తర్వాత కూడా పని చెడే చోటు ఉంది. సపోర్ట్ టీం ఆయన రూం వదలాలని మీటింగే క్యాన్సిల్ చేస్తే, మీటింగ్ లేదని ఆయన టీం అందరికీ కబురు పోతుంది. తెరిచేటప్పుడు ఆ ఒక్క రోజు కాకుండా మొత్తం వరుసను తెరిచి రూం తీసేస్తే, వారం వారం ఉన్న బుకింగ్ అంతా పోతుంది. మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. ఆయన నవంబరు 3 మీటింగ్ ఒక్కటే తెరిచి, పాత రూం తీసి, కొత్త రూం చేర్చి, అప్‌డేట్ పంపాలి. ఇక్కడ ఇంకో చిక్కు. రెండో ఫ్లోర్ రూం మన పేరు మీదే పట్టి ఉంచాం కదా, మనం వదలకపోతే ఆ రూం ఆయనకు కూడా కుదరదంటుంది. మనం వదిలాక ఆయన ఆలస్యం చేస్తే మూడోవాళ్లు తన్నుకుపోతారు. పెద్ద రూం ఖాళీ అయిన క్షణానికీ అదే ప్రమాదం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రెండు నిమిషాల్లో చేసుకుంటే సరిపోయే పని ఇది. చాట్‌లో చేస్తే అరపూట పడుతుంది.

ముందుగా తెలియక, తలుపు దగ్గరే విషయం బయటపడితే పద్ధతి వేరు. టీం మొత్తం అద్దం తలుపు ముందు వరుసగా నిలబడకూడదు, లోపలివాళ్లకది ముట్టడిలా ఉంటుంది. ఒక్కరే తట్టి, మీటింగ్ పెట్టినవాళ్లను చూసి, ‘మీకు ఇంకెంతసేపు పడుతుందండీ?’ అని అడిగితే చాలు. ‘పది నిమిషాలు’ అంటే వాళ్లే గడువు పెట్టుకున్నట్టు, దాని మీద నిలబడతారు కూడా. లోపల స్క్రీన్ మీద బయటివాళ్లెవరైనా కనిపిస్తే నోరు విప్పకుండా చాట్‌లో రాయాలి. ఇంటర్వ్యూ జరుగుతుంటేనో, ఎవరైనా కళ్లు తుడుచుకుంటుంటేనో, బుకింగ్ మనదే అయినా తలుపు మూసి వేరే చోటు వెతుక్కోవడమే పని.

మన టీం లీడ్‌కి ఇంకో సంగతి మిగిలే ఉంది. న్యూయార్క్ గడియారం మళ్లీ ముందుకు జరిగేది 2026 మార్చి 8న. అప్పటిదాకా 18 సోమవారాలు ఇదే తాకిడి. ఒక్క రోజు ఇచ్చిన మనిషిని వారం వారం మళ్లీ మళ్లీ అడిగితే నాలుగోసారికి చాట్‌లో జవాబు రాదు. మొదటి సోమవారం గడవగానే వెళ్లి మొత్తం లెక్క చెప్పేయడం మేలు: ‘అన్నా, ఇది మార్చి మొదటి వారం దాకా ఉంటుంది. మీకు పెద్ద రూం తప్పనిసరిగా కావాల్సిన సోమవారాలేవో చెప్పండి, అవి వదిలేసి మిగతావే అడుగుతాను.’ కొత్త రిలీజ్ ఉన్న వారాల్లో వాళ్లకూ పదిమంది కూర్చోవాల్సి రావచ్చు. అవి పోను తక్కిన తేదీలను ఒక్కొక్కటిగా తెరిచి రూం మార్చుకోవాలి. విసుగు పనే, కానీ అసలు వరుసను ముట్టుకోలేదు కాబట్టి మార్చి 9న సపోర్ట్ టీం రూం ఎవరినీ అడక్కుండానే వాళ్లకుంటుంది, క్లయింట్ కాల్ మళ్లీ ఆరున్నరకి వెళ్లిపోతుంది.