జిడ్డు ముదరక ముందే తుడవాలి

హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఫ్లాట్లలో, వంటగది గోడ మీద ‘కిచెన్ శుభ్రంగా ఉంచగలరు’ అన్న కాగితం తరచూ కనిపిస్తుంది. దాని కిందే గట్టు జిడ్డోడుతూ ఉంటుంది. తప్పంతా మనుషులదే అనుకుంటాం. నా ఉద్దేశంలో సగం తప్పు ఆ కాగితానిదే. శుభ్రమంటే ఒకరికి గిన్నెలు కడగడం, మరొకరికి ఆదివారం పూట గట్టు తుడవడం. ఎవరు, ఎప్పుడు, దేనితో తుడవాలో ఆ కాగితం చెప్పదు. ఈ మూడింటిలోనూ ‘ఎప్పుడు’ అన్నదే అసలు సంగతి, ఎందుకంటే జిడ్డు ఉన్నచోట ఉన్నట్టు ఉండిపోదు.

రాత్రి తొమ్మిదింటికి ఒకరు కోడికూర వండారనుకుందాం. కాగిన నూనెలో అల్లంవెల్లుల్లి ముద్ద పడగానే అందులోని నీరు ఒక్కసారిగా ఆవిరై నూనెను బయటికి చిమ్ముతుంది. ఆ తుంపర్లు స్టవ్ మీద, గట్టు మీద, వెనక టైల్స్ మీద పడతాయి. భోజనం అయ్యేసరికి స్టవ్ చేయి పెట్టగలిగేంత చల్లారుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, గుడ్డ ముంచి పిండి తుడిస్తే చాలు, నూనె ఇంకా ద్రవంగానే ఉంటుంది కాబట్టి సబ్బుతో పాటే వచ్చేస్తుంది.

తుడవలేదనుకోండి. పొద్దున్నే ఇంకొకరు అదే పొయ్యి మీద దోసెలు వేస్తారు. రాత్రి చుక్కలు మళ్ళీ కాగుతాయి. వేడికీ గాలికీ నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి జిగురుపొరగా మారతాయి. చెక్కకు పూసిన అవిసెనూనె ఆరి గట్టిపడేది కూడా ఇలాగే. మనం ఎక్కువగా వాడే పొద్దుతిరుగుడు నూనె ఇలా త్వరగా ముదురుతుంది, నెయ్యి, కొబ్బరినూనె అంత త్వరగా మారవు. ముదిరే కొద్దీ మరక లేత గోధుమరంగుకు వచ్చి వేలికి బంకలా అంటుతుంది. ఆ తర్వాత అంటుకోవడం కూడా మానేసి, స్టవ్ రంగే అంతేమో అనిపించేలా గట్టిపడుతుంది. ఇక మామూలుగా సబ్బుగుడ్డతో తుడిస్తే అది కదలదు.

అలాంటి పొరకు వంటసోడాలో కొద్దిగా నీళ్ళు కలిపి ముద్దలా పట్టించాలి. పైన తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేసి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకాలి. ఒకసారికి పోకపోతే మళ్ళీ అదే చేయాలి. స్టీలు పీచుతో రుద్దితే గీతలు పడతాయి, తర్వాతి జిడ్డంతా ఆ గీతల్లోనే చేరుతుంది. గాజు పలక స్టవ్ అయితే వేడి మీద చన్నీళ్ళు అస్సలు పోయకూడదు, పలక పగలొచ్చు.

అందుకే నోటీసు ఇలా రాయమంటాను:

“అందరికీ మనవి. వండినవాళ్ళే, స్టవ్ చల్లారాక, పడుకునే ముందు గట్టూ స్టవ్వూ వెనక టైల్స్ తుడవాలి. సింకు పక్కన నీలం గుడ్డ గట్టుకు మాత్రమే, గిన్నెలకు వాడవద్దు. తుడిచాక ఉతికి ఆరేయండి. పసుపు, చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే వంట అయ్యేదాకా ఆగకుండా వెంటనే తుడవండి. ఆదివారం వంతు ఎవరిదైతే వాళ్ళు సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేసి, చల్లారిన బర్నర్లు తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి.”

బర్నర్ల మాట ఎందుకంటే, పొంగిన పాలూ జిడ్డూ వాటి రంధ్రాలను పూడ్చేస్తాయి. నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా మారి గిన్నెల అడుగుకు మసి పడుతోందంటే అనుమానించాల్సింది ముందు ఆ రంధ్రాలనే. సన్నటి పిన్నుతో వాటిని తెరవాలి. అప్పటికీ మంట మారకపోతే మెకానిక్‌ను పిలవాలి.

పులుపు మాట గట్టు రాయిని బట్టి ఉంటుంది. గ్రానైట్ నిమ్మరసానికి పెద్దగా చెక్కుచెదరదు. పాత ఫ్లాట్లలో నల్లగా ఉండే కడప రాయి మాత్రం సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ ఏది నిలిచినా రాయినే కొరికి తెల్లగా మచ్చ చేస్తాయి. అది మరక కాదు, నునుపు పోయిన చోటు, ఎంత తోమినా పోదు. జిడ్డు వదులుతుందని నిమ్మచెక్కతో రుద్దే అలవాటున్నవాళ్ళు కడప రాయి మీద ఆ పని చేయవద్దు.

పసుపు మరకకు తొందర ఇంకో కారణానికి. పసుపులోని రంగు నీళ్ళలో కంటే నూనెలో బాగా కరుగుతుంది, కాబట్టి నూనెతో పాటు రాతి సందుల్లోకి దిగుతుంది. సబ్బు తగలగానే అది ఎర్రబడితే కంగారు పడకండి, క్షారం తగిలితే పసుపు రంగు మారడం సహజమే.

నోటీసు అంటించే ముందు మీ గట్టు ఏ రాయో ఇంటి ఓనర్‌ను అడగండి. కడప రాయి అయితే నిమ్మ, వెనిగర్ వాడకూడదన్న వాక్యం తప్పకుండా చేర్చండి. ఆ రాయికి పోయిన నునుపు మళ్ళీ రావాలంటే పాలిష్ పట్టించడమే దారి.