వెబినార్ మాటల నుంచి వ్యాసం

డ్రిప్ సేద్యం మీద గంటసేపు సాగిన వెబినార్ రాతప్రతి చేతికొచ్చిందనుకుందాం. దాన్ని పై నుంచి కిందికి దిద్దుకుంటూ పోతే వ్యాసం కాదు. మాట్లాడేవారు గుర్తొచ్చిన వరుసలో చెబుతారు. ఫిల్టర్ ఎప్పుడు కడగాలో మొదట్లో సగం చెప్పి, మిగతాది చివర్లో ఎవరో రైతు అడిగాక చెబుతారు. అసలు సరుకు తరచూ ఆ ప్రశ్నల దగ్గరే ఉంటుంది. అందుకే ముందు ఒకే విషయం మీది ముక్కలన్నీ ఒకచోటికి చేర్చాలి.

‘అంటే ఏంటంటే, ఫిల్టర్ ఉంది కదండీ, వినిపిస్తోందా, ముందూ వెనకా గేజీలు చూస్కోవాలి, తేడా ఎక్కువైతే, సాధారణంగా అరకేజీ దాటితే, కడిగేయాలి.’

ఇది ఇలా మారుతుంది: ‘ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న గేజీల మధ్య తేడా సాధారణంగా అరకేజీ దాటితే కడగాలి.’

‘వినిపిస్తోందా’ పోయింది, ‘సాధారణంగా’ ఉండిపోయింది. అది ఊతపదం కాదు, నిపుణుడు పెట్టుకున్న జాగ్రత్త. తీసేస్తే ఆయన అనని మాట ఆయనకు అంటగట్టినట్టే.

శీర్షిక కూడా ‘ఫిల్టర్ల నిర్వహణ’ అని కాక, ‘ఫిల్టర్ ఎప్పుడు కడగాలి?’ అని ఉంటే వెతికేవాడికి దొరుకుతుంది.

అంకెల్ని మాత్రం రాతప్రతిలో చూసి నమ్మొద్దు. యంత్రం ‘అర’ను ‘ఆరు’గా రాసేయగలదు. రికార్డింగ్ విని సరిచూడాలి.