పైలుకి పట్టే కాంక్రీటు, ఇనుము

గోదావరి డెల్టా నేలల్లో అయిదారు అంతస్తుల అపార్ట్‌మెంటు కట్టాలంటే చాలాచోట్ల మామూలు పునాది నిలవదు. మట్టి పరీక్ష నివేదిక చూశాక ఇంజనీరు పైల్స్ వెయ్యమంటాడు. రిగ్గు వస్తుంది, బోరు పడుతుంది, ఇనప కేజ్ దిగుతుంది, కాంక్రీటు పోస్తారు. ఆ తర్వాత అంతా నేలలోనే. పైకి మిగిలేది బిల్లు మీద రెండు అంకెలు: కాంక్రీటు ఇన్ని క్యూబిక్ మీటర్లు, ఇనుము ఇన్ని కిలోలు. వీటి లెక్క పదో తరగతి గణితాన్ని దాటదు. తేడాలన్నీ సూత్రంలో కాకుండా, ఏ కొలత తీసుకున్నారన్న దగ్గరే వస్తాయి.

600 మిల్లీమీటర్ల వ్యాసం, 18 మీటర్ల పొడవు ఉన్న ఒక పైలునే తీసుకుందాం. ఈ 18 మీటర్లనూ నేల మట్టం నుంచి కొలవరు. పైలు తల ఆగాల్సిన చోటు, అంటే కటాఫ్ లెవెల్ నుంచి అడుగు దాకా కొలుస్తారు. పైల్ క్యాప్ భూమిలో ఉంటుంది కాబట్టి కటాఫ్ నేలకి ఒకటిన్నర మీటరు కిందకి వచ్చిందనుకుంటే, బోరు వెయ్యాల్సింది 19.5 మీటర్లు. బోరు తవ్వినందుకు ఆ లోతంతటికీ డబ్బివ్వాల్సిందే. కాంక్రీటుకి మాత్రం అదే లోతు వేసి బిల్లు చేస్తే, గాలికి డబ్బు కట్టినట్టే.

బోరు అడ్డుకోత వైశాల్యం 0.2827 చదరపు మీటర్లు. దాన్ని 18తో హెచ్చిస్తే 5.09 క్యూబిక్ మీటర్లు. కానీ పోత కటాఫ్ దగ్గర ఆగకూడదు. బోరు గోడలు కూలకుండా బెంటోనైట్ నీళ్లు నింపి, ట్రెమీ గొట్టంతో అడుగు నుంచి పోసుకుంటూ వచ్చినప్పుడు, అన్నిటికన్నా పైన తేలే కాంక్రీటు మట్టి, బెంటోనైట్ కలిసిన చెత్త సరుకు. అందుకే కటాఫ్ పైన ఇంకో 600 మిల్లీమీటర్లు పోసి, గట్టిపడ్డాక దాన్ని చెక్కేస్తారు. అప్పుడు పొడవు 18.6 మీటర్లు, కాంక్రీటు 5.26 క్యూబిక్ మీటర్లు అవుతుంది. రిగ్గు తవ్విన గుంత గీత గీసినట్టు ఉండదు. మెత్తటి బంకమట్టిలో గోడలు అక్కడక్కడా ఊడతాయి. దానికి పది శాతం కలుపుకుంటే 5.8 దగ్గర తేలుతుంది. ఆరు క్యూబిక్ మీటర్ల మిక్సర్ లారీ ఒకటి చాలు. కేజ్‌లోని ఇనుము ఆక్రమించే చోటు ఒక శాతం కూడా ఉండదు, కొలతల్లో దాన్ని తీసెయ్యరు.

ఇక ఇనుము. మన పైల్స్‌కి ప్రమాణమైన ఐఎస్ 2911 ప్రకారం నిలువు రాడ్ల వైశాల్యం కనీసం అడ్డుకోతలో 0.4 శాతం ఉండాలి. ఈ పైలుకి అది 1131 చదరపు మిల్లీమీటర్లు. ఆరు 16 ఎంఎం రాడ్లు వేస్తే 1206 వస్తుంది, సరిపోతుంది. పక్కతోపు ఎక్కువున్నా, పైలు పైకి లాగబడే పరిస్థితి ఉన్నా డిజైనరు ఇంకా ఎక్కువే అడుగుతాడు. అది డ్రాయింగు చెప్పాల్సిన మాట, మేస్త్రీ చెప్పాల్సింది కాదు.

ఒక్కో రాడ్డు ఎంత పొడవు? అడుగున 75 మిల్లీమీటర్ల కవర్ వదలాలి. పైన క్యాప్‌లో పట్టు కోసం 800 మిల్లీమీటర్లు నిలబెట్టాలి. అంటే 18.725 మీటర్లు. రాడ్డేమో బజారులో 12 మీటర్లదే దొరుకుతుంది. కాబట్టి ఒక అతుకు తప్పదు. ఆ అతుకు దగ్గర రెండు రాడ్లు ఒకదాని పక్కన ఒకటి 50 వ్యాసాల మేర, అంటే 800 మిల్లీమీటర్లు కలిసి నడవాలి. మొత్తం 19.525 మీటర్లు, ఆరింటికి 117 మీటర్ల పైచిలుకు. రాడ్డు వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 16 ఎంఎంకి అది 1.58. నిలువు రాడ్లు 185 కిలోలు.

స్పైరల్ దగ్గరే చాలామంది తడబడతారు. 8 ఎంఎం రాడ్డుతో, చుట్టుకీ చుట్టుకీ మధ్య 150 మిల్లీమీటర్ల ఎడంతో కేజ్ చుట్టూ తిప్పుకుంటూ పోవడమే స్పైరల్. చుట్టుకొలతకి 600 వ్యాసం వాడకూడదు. పక్కల 75 చొప్పున కవర్ పోతే కేజ్ బయటి వ్యాసం 450. స్పైరల్ రాడ్డు మధ్యగీతకి 442. ఒక చుట్టు 1.39 మీటర్లు. స్పైరల్ వాలుగా ఎక్కుతుంది కదా, దానికి ఎంత కలపాలని కుర్ర ఇంజనీర్లు బుర్ర బద్దలుకొట్టుకుంటారు. కొలిచి చూస్తే చుట్టుకి 8 మిల్లీమీటర్లు, శాతంలో ఒకటి కూడా కాదు. అదే పొరపాటున 600 వ్యాసం పెడితే 35 శాతం ఎక్కువ వస్తుంది. చిన్న తప్పు కోసం వెతుకుతూ పెద్దదాన్ని వదిలేయడం ఇక్కడ మామూలు.

కేజ్ మొత్తానికి 119.5 చుట్లు, కొసలు గట్టిగా పట్టడానికి రెండు చివర్లా ఒకటిన్నర చొప్పున అదనం. కలిపి 171 మీటర్లు. 12 మీటర్ల రాడ్లతో చుడితే పదిహేను ముక్కలు, పద్నాలుగు అతుకులు. అతుక్కి 400 మిల్లీమీటర్లు వేస్తే మొత్తం 177 మీటర్లకి దగ్గరగా వస్తుంది, బరువు 70 కిలోలు. కేజ్‌ని క్రేనుతో లేపేటప్పుడు వంకర పోకుండా లోపలివైపు ఒకటిన్నర మీటరుకొకటి 16 ఎంఎం రింగులు పెడతారు. పదమూడు రింగులు 28 కిలోలు. వెరసి 283. కోతల తరుగు కలిపితే 290 దాకా పోతుంది. స్పైరల్ వాటా ఇందులో పావు.

స్పైరల్‌ని ప్రతి రాడ్డుకీ బైండింగ్ వైరుతో కట్టారో లేదో కేజ్ నేల మీద ఉండగానే చూడాలి. లేపినప్పుడు కట్టని చుట్లు జారి ఒకచోట కుప్ప పడతాయి. అక్కడ కంకర దాటలేదు, పైన చుట్లే ఉండవు. బరువు లెక్క మాత్రం సరిగ్గానే వస్తుంది!

కాంక్రీటు లెక్కకి ఇంకో ఉపయోగం ఉంది, బిల్లు కన్నా అదే ముఖ్యం. ఈ బోరులో ఒక క్యూబిక్ మీటరు పోస్తే మట్టం మూడున్నర మీటర్లు లేవాలి. బరువు కట్టిన టేపు దించి ప్రతిసారీ కొలుస్తారు. రెండున్నరే లేచిందంటే అక్కడ గోడ ఊడి గుంత 700 దాటి వెడల్పయింది. కాంక్రీటు ఖర్చే తప్ప పైలుకి హాని లేదు. నాలుగున్నర లేచిందంటే మాత్రం గుండె దడదడలాడాలి. అక్కడ పైలు 530కి సన్నబడింది, మట్టి లోపలికి వచ్చిందన్నమాట. మొత్తం పోసింది 5.26కి తగ్గినా అదే అనుమానం. ‘కాంక్రీటు కలిసొచ్చింది’ అని ఎవరైనా సంతోషంగా చెబితే, ఆ పైలుకి ఇంటిగ్రిటీ పరీక్ష చేయించకుండా క్యాప్ వెయ్యనివ్వకండి.

పోత జరిగిన రోజున రాసిన ఆ మట్టాల కాగితం ప్రతి పైలుకీ అడిగి తీసుకోండి. అది లేకుండా బిల్లు మీద సంతకం పెట్టకండి.