ముప్పై రోజులున్న పేషెంటు

ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లో నాలుగో అధ్యాయం తెరిస్తే చాలాసార్లు ముందుగా కనిపించేది పట్టికల వరస. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ప్రతి అంకెనూ అందులోకి ఎక్కించేస్తారు. ఏ అంకె పెట్టాలి, ఏది వదలాలి అన్న ఆలోచన మాత్రం తక్కువే. చిన్న లెక్కతో చూద్దాం. సులువుగా అర్థం కావాలని ఈ అంకెలు నేనే వేసుకున్నాను.

పొట్ట ఆపరేషన్ అయిన 11 మంది వార్డులో ఉన్న రోజులు ఇవి: 3, 3, 4, 4, 4, 5, 5, 6, 6, 7, 30. మొత్తం 77. పదకొండుతో భాగిస్తే సగటు, అంటే మీన్, సరిగ్గా 7 రోజులు. విద్యార్థిని "పేషెంట్లు సగటున 7 రోజులు ఉన్నారు" అని రాసేస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు. కానీ జాబితా మళ్లీ చూడండి. పదకొండు మందిలో ఏడు రోజులు దాటి ఉన్నది ఒక్కరే. తొమ్మిది మంది అంతకన్నా ముందే ఇంటికెళ్లిపోయారు. ఆ ముప్పై రోజుల మనిషి సగటును తన వైపు లాక్కున్నాడు.

రోజులను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి సరిగ్గా నడిమధ్య ఉన్నది, అంటే ఆరోది, తీసుకుంటే 5 వస్తుంది. అదే మధ్యగతం, కాలేజీ మాటలో మీడియన్. చివరి పేషెంటు 30 రోజులు కాక 60 రోజులున్నా ఇది 5 దగ్గరే ఉంటుంది. వార్డు సిస్టర్‌ని "మామూలుగా ఎన్నాళ్లుంటారు?" అని అడిగితే ఆమె చెప్పే జవాబుకు దగ్గరగా ఉండేదీ ఇదే.

డేటా ఇలా ఒక పక్కకు ఒరిగిందని కనిపెట్టడానికి పెద్ద పరీక్షేమీ అక్కర్లేదు. సగటు పక్కన ప్రామాణిక విచలనం, ఎస్.డి., వేసి చూడండి. ఇక్కడ అది 7.7. ఏడులోంచి 7.7 తీసేస్తే సున్నా కంటే కిందికి పోతుంది. ఆసుపత్రిలో మైనస్ రోజులు ఎవరుంటారు? రోజులు, ఖర్చు, వయసు లాంటి సున్నా కంటే తగ్గని కొలతల్లో ఎస్.డి. సగటును మించిపోయిందంటే మీడియన్ వైపు తిరగమని అర్థం. అయితే ఎస్.డి. సగటు కంటే తక్కువున్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉందనుకోకూడదు. హిస్టోగ్రామ్ కూడా ఒకసారి గీసి చూసుకోవాలి.

మీడియన్ పక్కన ఎస్.డి. రాయడం కూడా నేను తరచూ చూసే పొరపాటు. ఎస్.డి. సగటుకు జోడీ. మీడియన్‌కు జోడీ క్వార్టైల్స్, అంటే పావు వంతు దగ్గరా ముప్పావు వంతు దగ్గరా ఉండే విలువలు. మన వరసలో మూడోది 4, తొమ్మిదోది 6. కాబట్టి థీసిస్‌లో వాక్యం ఇలా ఉండవచ్చు: "వార్డులో ఉన్న రోజుల మీడియన్ 5 (క్వార్టైల్స్ 4, 6), కనిష్ఠం 3, గరిష్ఠం 30." గరిష్ఠం కూడా రాశాం గనక ముప్పై రోజుల మనిషి ఎక్కడికీ మాయం కాలేదు.

ఇదంతా రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మాస్టర్ షీట్‌లోని ఆ 30ని కేస్ షీట్‌తో సరిచూడాలి. 3 కొట్టబోయి పక్కనే సున్నా పడి ఉండొచ్చు. అలాగైతే దిద్దుకోవాలి. నిజంగానే గాయంలో ఇన్ఫెక్షన్ వచ్చి నెల రోజులున్నాడంటే, పట్టికకు అందం చెడిందని తీసేయడానికి వీల్లేదు. ఎందుకంత కాలం ఉన్నాడన్న చర్చకు చోటు మాత్రం ఈ అధ్యాయం కాదు, దాని తర్వాతది.

శాతాల దగ్గర చిక్కు వేరు. ఈ 11 మందిలో ఇద్దరికి వాంతులయ్యాయనుకోండి. "18.18%" అని రాస్తే ఏదో సూక్ష్మంగా కొలిచినట్టుంటుంది గానీ, ఇక్కడ ఒక్క మనిషి అటూ ఇటూ అయితే తొమ్మిది శాతం మారిపోతుంది. "11 మందిలో ఇద్దరు" అంటే సరిపోతుంది. సంఖ్య పెద్దదైనప్పుడు శాతం వేయండి, పక్కనే మనుషుల సంఖ్యా ఉంచండి. ఎందరిలో అన్నది మరీ ముఖ్యం. 40 మందికి ప్రశ్నావళి ఇస్తే ఒక ప్రశ్నకు 36 మందే జవాబిచ్చారు, అందులో 9 మంది "అవును" అన్నారు. 36లో అది 25 శాతం, 40లో 22.5 శాతం. రెంటిలో ఏది వాడారో పట్టిక కిందే చెప్పాలి, నలుగురు జవాబివ్వలేదన్న మాటతో సహా.

ఇంకో మాట. మగవారికి 1, ఆడవారికి 2 అని కోడ్ ఇచ్చి, ఆ కాలమ్‌కీ మీన్ నొక్కేవాళ్లున్నారు. 1.6 వస్తుంది. అడిగితే "సాఫ్ట్‌వేర్ ఇచ్చింది మేడమ్" అంటారు. అది ఏ అంకెలిచ్చినా కూడి భాగిస్తుంది. ఆ కాలమ్‌లో ఉన్నవి కొలతలు కావు, పేర్లకు బదులు వేసుకున్న గుర్తులని దానికేం తెలుసు?