మీకు తెలుసా? ప్రింటర్ ముఖం చూడకుండానే ఫారం నింపి సంతకం పెట్టొచ్చు!

అమ్మాయి హైదరాబాద్ హాస్టల్‌లో. నాన్న ఖమ్మంలో. తల్లిదండ్రుల హామీ పత్రం పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వచ్చి పడింది. నింపి, సంతకం పెట్టి, సాయంత్రంలోగా పంపాలట! జిరాక్స్ షాపుకు పరుగెత్తకండి. ముందు ఫారంలో ఏదో ఒక గడి మీద వేలితో తట్టి చూడండి. కీబోర్డు పైకి వచ్చిందా? అయితే ఆ గడులు ఉత్త గీతలు కావు, రాయడానికి ప్రాణం పోసుకుని ఉన్నవి! పీడీఎఫ్‌కు ఈ విద్య 1996 నుంచే ఉంది!

కీబోర్డు రాలేదా? అది కాగితాన్ని స్కాన్ చేసిన ఫొటో లాంటిది. అయినా నింపొచ్చు! ఆండ్రాయిడ్ ఫోన్‌లో అడోబీ అక్రోబాట్ రీడర్‌తో ఫైలు తెరిచి, పెన్సిల్ గుర్తు నొక్కి, Fill & Sign ఎంచుకోండి. కావాల్సిన చోట తట్టి టైపు చేయడమే. ఐఫోన్‌లో అయితే వేరే యాప్ కూడా అక్కర్లేదు! ఫైల్స్‌లో తెరిచి పెన్ను గుర్తు నొక్కితే చాలు. ఇదంతా చేయడానికి అయ్యే ఖర్చు 0 రూపాయలు!

ఒక్కోసారి ఫారం తెరిస్తే ఫారమే ఉండదు! పేజీ నిండా ఖాళీ, పైన Please wait... అని ఒక ముక్క. గంటసేపు కూర్చున్నా అది మారదు. నెట్ తప్పు కాదు, మీ ఫోన్ తప్పూ కాదు! అది ఎక్స్‌ఎఫ్‌ఏ అనే పాత పద్ధతిలో తయారైన ఫారం. ఫోన్ యాప్‌లు చాలావాటికి అది చదవడమే రాదు. 2017లో వచ్చిన పీడీఎఫ్ ప్రమాణం ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది, అయినా అలాంటి ఫారాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి! కెనడా వీసాకు వాడే IMM 5257 ఈ కోవలోదే. దానికి మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే.

మన హాస్టల్ ఫారానికి వద్దాం. డిపాజిట్ తిరిగి ఇవ్వడానికి బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ అడిగారు. అందులో 11 అక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో చిన్న గడి. రాసే వీలున్న ఫారమైతే చకచకా టైపు చేస్తూ పోండి, ఏ అక్షరం ఆ గడిలోకి దానంతటదే వెళ్లి కూర్చుంటుంది! పన్నెండోది కొడితే తీసుకోదు కూడా! స్కాన్ ఫారంలో ఈ సుఖం లేదు. కోడ్ మొత్తం ఒకేసారి కొడితే అక్షరాలు గీతల మీదెక్కి కూర్చుంటాయి. విసుగనిపించినా ఒక్కో గడిలో విడిగా టైపు చేయండి. అన్నట్టు, ఆ కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నాయే, ఇంగ్లిష్ ఓ కాదు!

పేరు తెలుగులో రాశారా? ఆగండి! పీడీఎఫ్‌కు పుట్టుకతో వచ్చిన ప్రామాణిక ఫాంట్లు 14. వాటిలో తెలుగు ఒక్కదానికీ రాదు! అందుకే కొన్ని ఫారాల్లో మన అక్షరాలు ఖాళీ డబ్బాలైపోతాయి. కొన్నిసార్లు మీ ఫోన్‌లో చక్కగా కనిపించి, వార్డెన్ కంప్యూటర్‌లో మాయమైపోతాయి! పట్టుకోవడం తేలికే. పేరొక్కటే రాసి సేవ్ చేసి, ఇంకో యాప్‌లో తెరిచి చూడండి. అక్షరాలు చెదిరితే పెన్ను సాధనం తీసుకుని వేలితోనే తెలుగులో రాసేయండి. గీసిన గీతకు ఫాంటుతో పనే లేదు!

ఇక సంతకం! Fill & Signలో పెన్ను పాళీ గుర్తు, ఐఫోన్‌లో + నొక్కితే Add Signature. ఫోన్‌ను అడ్డంగా తిప్పి పట్టుకోండి, వేలికి చోటు దొరుకుతుంది. వణికితే చెరిపేసి మళ్లీ గీయండి, ఎవరూ లెక్కపెట్టరు! నచ్చింది ఒక్కటి దాచుకుంటే చాలు, రేపటి ఫారానికి మళ్లీ గీయకుండానే అదే వచ్చి కూర్చుంటుంది. అందుకే ఆ ఫోన్‌కు తాళం తప్పనిసరి! బ్యాంకు సంతకంతో అచ్చంగా కలవాలంటే తెల్ల కాగితం మీద పెన్నుతో పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీసి అక్రోబాట్‌లో చేర్చండి. సంతకం చుట్టూ బూడిదరంగు మచ్చ కనిపిస్తోందా? నీడ పడిందన్నమాట. మళ్లీ తీయండి.

సంతకం ఎంత పెద్దగా ఉండాలి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు! ఫోన్ తెర ఎంత చిన్నదైనా పీడీఎఫ్ కొలిచేది అసలు కాగితాన్నే, అంగుళానికి 72 పాయింట్లు చొప్పున! జూమ్ చేసి చూస్తూ పెడితే ముద్దుగా కనిపించిన సంతకం, పూర్తి పేజీలో చూస్తే చీమంత అయిపోతుంది. జూమ్ తీసేసి, పక్కనున్న అచ్చు అక్షరాలతో పోల్చుకోండి. వాటికి రెండు మూడింతల ఎత్తుంటే సరిపోతుంది.

అంతా అయింది, పంపేద్దామా? ఇంకొక్క గుట్టు! గడుల్లో మీరు నింపిన 25000ను అవతలివాళ్లు తట్టి 52000 చేసేయొచ్చు! గడులకు ప్రాణం ఇంకా ఉంది మరి! దాన్ని తీసేయాలంటే Print నొక్కి, ప్రింటర్ పేరుండే చోట Save as PDF ఎంచుకోండి. కాగితం రాదు, కొత్త ఫైలు వస్తుంది! అందులో అక్షరాలూ సంతకమూ పేజీలో కలిసిపోయి ఉంటాయి. ఐఫోన్‌లో Print తెర మీద కనిపించే పేజీ బొమ్మను రెండు వేళ్లతో విప్పి, అక్కడి నుంచి షేర్ చేయాలి. ఆ కొత్త ఫైలు గడుల్లో ఓసారి తట్టి చూడండి. కీబోర్డు రాకపోతే పని అయినట్టే!

పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ తీయకండి! వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా జోడించండి. 2 జీబీ దాకా ఫైలు అలాగే వెళ్తుంది. ఒక్క అక్షరం కూడా మసకబారదు!

ఇప్పుడు అసలు ఆశ్చర్యం! వేలితో గీసింది సంతకం బొమ్మ మాత్రమే. ఎవరైనా కత్తిరించి మరో ఫారంలో అతికించగలరు. హాస్టల్‌కు ఇది చాలు. రుణ పత్రాల్లాంటి వాటికి ఆధార్ ఈ-సైన్ అడుగుతారు. ఫోన్‌కొచ్చిన ఓటీపీ కొడితే, ఫైలు మొత్తానికీ 256 బిట్ల వేలిముద్ర లాంటిది లెక్కకట్టి దాని మీద ముద్ర వేస్తారు! తర్వాత ఎవరైనా ఒక్క కామా మార్చినా ఆ లెక్క తప్పుతుంది, ఫైలు తెరవగానే దొరికిపోతుంది! అందుకే నింపడం ముందు, ముద్ర చివర. ముద్ర పడ్డాక Save as PDF చేశారో, ముద్ర పోయి బొమ్మే మిగులుతుంది!

ఈ ముద్ర పని చేయని చోటు కూడా ఉంది! మన ఐటీ చట్టం వీలునామాను ఈ వెసులుబాటు నుంచి మినహాయించింది. ఓటీపీ కొట్టినా, వేలితో గీసినా చెల్లదు. దానికి కాగితం, పెన్ను, సంతకం పెట్టే కనీసం ఇద్దరు సాక్షులు కావాల్సిందే!