అరవై ఆరా, డెబ్భై మూడా?

తెలుగులో బైబిల్ కొనబోయేవారికి ముఖ్యంగా రెండు రకాల ప్రతులు కనిపిస్తాయి. బైబిల్ సొసైటీ వేసే పరిశుద్ధ గ్రంథములో 66 పుస్తకాలుంటాయి. కాథలిక్కులు చదువుకునే పవిత్ర గ్రంథములో 73 ఉంటాయి. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలు రెండింట్లోనూ ఒక్కటే. తేడా అంతా పాత నిబంధనలోనే ఉంది. తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు రెండు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం, బారూకు అనే ఏడు పుస్తకాలు ఒకదానిలో ఉండి రెండోదానిలో లేవు. ఎస్తేరు, దానియేలు గ్రంథాలు కూడా కాథలిక్ బైబిల్లో కాస్త పెద్దవి. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘానికి వెళితే లెక్క 81కి చేరుతుంది.

ఈ తేడా మీద రెండు నిందలు ఎప్పటినుంచో వినిపిస్తున్నాయి. లూథర్ ఏడు పుస్తకాలు తీసేశాడని ఒకరంటారు. రోమన్ కాథలిక్ సభ 1546లో ఏడు పుస్తకాలు కలిపిందని మరొకరంటారు. చరిత్ర చూస్తే రెండూ నిలబడవు. 325లో జరిగిన నైసియా మహాసభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కూర్చోబెట్టి పుస్తకాలు ఎంపిక చేయించాడన్న మాట కూడా ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. ఆ సభ చేసిన 20 నియమాలు నేటికీ దొరుకుతున్నాయి. వాటిలో ఒక్కటి కూడా బైబిల్ పుస్తకాల పట్టిక గురించి కాదు.

అసలు ఏ ఒక్క సభా బైబిల్‌ను తయారు చేయలేదు. ముందు పుస్తకాలు ఆరాధనలో చదవడం మొదలైంది. పట్టికలు ఆ తర్వాత వచ్చాయి.

మొదటి శతాబ్దంలో పౌలు ఉత్తరాలు ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి నకళ్లుగా వెళ్లాయి. సువార్తలూ అలాగే ప్రయాణించాయి. రెండో శతాబ్దం మధ్యలో రోములో ఉన్న జస్టిన్ ఆదివారం ఆరాధన ఎలా జరుగుతుందో వర్ణించాడు. అపొస్తలుల జ్ఞాపకాలనో ప్రవక్తల రాతలనో సమయం ఉన్నంతసేపు చదివేవారని చెప్పాడు. దాదాపు ఆ రోజుల్లోనే మార్షియన్ అనే ఉపదేశకుడు పాత నిబంధన మొత్తాన్ని తోసిపుచ్చాడు. తనకు నచ్చినట్టు కుదించిన లూకా సువార్త, పౌలు పత్రికలు పది చాలన్నాడు. రోము సంఘం అతన్ని వెలివేసింది. కానీ మన పుస్తకాలు ఏవి అన్న ప్రశ్నను అతను ముందుకు తెచ్చాడు, ఇక దాన్ని దాటవేయడం ఎవరివల్లా కాలేదు.

ఆ ప్రశ్నను ఒక బిషప్ ఎలా ఎదుర్కొన్నాడో చెప్పే ఉదంతం ఒకటి మనకు మిగిలింది. రెండో శతాబ్దం చివర్లో అంతియొకయ బిషప్‌గా ఉన్న సెరాపియన్, రోసస్ అనే ఊరి సంఘాన్ని చూడటానికి వెళ్లాడు. అక్కడ కొందరు పేతురు సువార్త అనే పుస్తకం చదువుతున్నారు. అది తగువుకు కారణమైంది. సెరాపియన్ ఆ పుస్తకం చదవకుండానే, గొడవ దానికోసమే అయితే చదువుకోండని అనుమతి ఇచ్చాడు. తర్వాత ఆ పుస్తకం వెనక తప్పుడు బోధ ఉందని తెలిసింది. క్రీస్తుది నిజమైన మానవ శరీరం కాదు, అలా కనిపించిందంతే అనేవారి దగ్గరే ఒక ప్రతి తెప్పించుకుని పూర్తిగా చదివాడు. చాలా భాగం సరిగానే ఉంది, కానీ కొన్ని మాటలు అదనంగా చేర్చి ఉన్నాయని గుర్తించి అనుమతి వెనక్కి తీసుకున్నాడు. పేతురు పేరు ఉన్నంత మాత్రాన ఒప్పుకోలేం, ఇది మన పెద్దల నుంచి మనకు అందినది కాదు అన్నది ఆయన వాదన.

అప్పటి సంఘాలు చూసుకున్నవి ఇవే. అపొస్తలుల నుంచి గానీ వారి సన్నిహితుల నుంచి గానీ వచ్చిందా, ముందునుంచీ అందిన విశ్వాసానికి ఒప్పుతుందా, అన్ని ప్రాంతాల సంఘాలూ చదువుతున్నాయా? నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు ఈ పరీక్షల్లో తేలిగ్గా నెగ్గాయి. అంచున ఉన్నవాటి సంగతే తేలలేదు. 325 ప్రాంతంలో చరిత్రకారుడు యూసేబియస్ యాకోబు, యూదా పత్రికలను, పేతురు రెండో పత్రికను, యోహాను చివరి రెండు పత్రికలను వివాదంలో ఉన్నవిగా లెక్కగట్టాడు. ప్రకటన గ్రంథం గురించి ఆయన కూడా ఒక నిశ్చయానికి రాలేకపోయాడు. నాలుగో శతాబ్దానికి చెందిన సినాయి ప్రతిలో ఈనాటి 27 పుస్తకాలతో పాటు బర్నబా పత్రిక, హెర్మాసు రాసిన కాపరి అనే పుస్తకం కూడా ఉన్నాయి. వాటిని రాయించుకున్న సంఘానికి అవి పరాయివేమీ కావు.

సరిగ్గా ఈనాటి 27 పేర్లతో మనకు దొరికిన మొదటి పట్టిక 367 నాటిది. అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఏటా ఈస్టర్ తేదీ తెలియజేస్తూ ఐగుప్తు సంఘాలకు ఉత్తరం రాసేవాడు. ఆ ఏటి ఉత్తరంలో ఈ పట్టిక చేర్చాడు. దాంతో అన్నిచోట్లా వివాదం ముగిసిపోలేదు. సిరియా సంఘాలు చదివే పెషిత్త బైబిల్లో మొదట 22 పుస్తకాల కొత్త నిబంధనే ఉండేది. పేతురు రెండో పత్రిక, యోహాను చివరి రెండు పత్రికలు, యూదా పత్రిక, ప్రకటన గ్రంథం అందులో లేవు.

అయినా కొత్త నిబంధన విషయంలో దాదాపు అందరూ చివరికి ఒక్కమాట మీదికి వచ్చారు. పాత నిబంధన విషయంలో రాలేకపోయారు. దానికి కారణం క్రీస్తుకు ముందే ఉంది. అలెగ్జాండ్రియా వంటి నగరాల్లో స్థిరపడ్డ యూదులకు హెబ్రీ భాష దూరమై గ్రీకు వాడుక భాష అయ్యింది. వారి కోసం క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నుంచి లేఖనాలను గ్రీకులోకి అనువదించారు. ఆ గ్రీకు సంపుటిలో తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు కూడా చేరాయి. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది చదివింది ఆ గ్రీకు లేఖనాలనే. మరోవైపు యూదు రబ్బీలు హెబ్రీ పుస్తకాలనే లేఖనాలుగా స్థిరపరచుకున్నారు. ఆ పుస్తకాలే వేరే లెక్కింపుతో ప్రొటెస్టెంటు పాత నిబంధనలోని 39 అయ్యాయి.

ఈ రెండు సంపుటాల మధ్య తేడాను గట్టిగా పట్టించుకున్నవాడు జెరోం. బేత్లెహేములో ఉండి, యూదు గురువుల దగ్గర హెబ్రీ నేర్చుకుని, పాత నిబంధనను హెబ్రీ నుంచే లాటిన్‌లోకి తెచ్చాడు. హెబ్రీలో లేని పుస్తకాలను సంఘం మేలు కోసం చదవొచ్చు గానీ, సిద్ధాంతం నిరూపించడానికి వాడకూడదని రాశాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ దీనికి ఒప్పుకోలేదు. సంఘాలు తరతరాలుగా ఆరాధనలో చదువుతున్నవాటిని పక్కన పెట్టడం ఆయనకు సమ్మతం కాదు. 393లో హిప్పోలో, 397లో కార్తేజ్‌లో జరిగిన ప్రాంతీయ సభలు అగస్టీన్ పక్షానే నిలిచాయి. అప్పటినుంచి పశ్చిమ ఐరోపా బైబిళ్లలో ఆ పుస్తకాలూ ఉన్నాయి, వాటి పక్కనే జెరోం రాసిన హెచ్చరికలూ ఉన్నాయి. వెయ్యేళ్లకు పైగా ఆ రెండూ ఒకే అట్టల మధ్య సర్దుకుపోయాయి.

ఆ సర్దుబాటు 1519లో లైప్‌జిగ్‌లో చెడింది. లూథర్‌తో వాదానికి దిగిన యోహాన్ ఎక్, మరణించినవారి ఆత్మలు శుద్ధి పొందే స్థలం ఉందని చెప్పడానికి మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం చూపించాడు. ఆ అధ్యాయంలో యూదా మక్కబీయుడు యుద్ధంలో చనిపోయిన తన సైనికులను పాతిపెట్టడానికి వెళతాడు. వారి అంగీల కింద విగ్రహాల తాయెత్తులు బయటపడతాయి. అవి ధరించడం ధర్మశాస్త్రం ప్రకారం నిషేధం. యూదా తనవారి దగ్గర సుమారు 2,000 వెండి నాణేలు పోగుచేసి, చనిపోయినవారి పాపం కోసం బలి అర్పించమని యెరూషలేముకు పంపుతాడు. గ్రంథకర్త ఆ పనిని మెచ్చుకుంటాడు. మృతుల కోసం ప్రార్థించడానికి ఇంతకన్నా సూటియైన ఆధారం బైబిల్లో ఇంకోచోట దొరకదు. లూథర్ జవాబు ఏమిటంటే, ఆ పుస్తకం హెబ్రీ లేఖనాల్లో లేదు కాబట్టి వాదంలో ప్రమాణంగా చెల్లదు. అంటే జెరోం గీసిన గీతనే ఆయన మళ్లీ పైకి తీశాడు.

ఆ గీతను గౌరవించింది లూథర్ ఒక్కడే కాదు. 1518లో ఆయన్ని విచారించిన కాథలిక్ కార్డినల్ కజెటన్ కూడా తర్వాతి కాలంలో రాసిన వ్యాఖ్యానంలో జెరోం పక్షమే వహించాడు. లూథర్ ఆ పుస్తకాలను పారేయలేదు కూడా. 1534 నాటి ఆయన జర్మన్ బైబిల్లో అవి పాత, కొత్త నిబంధనల మధ్య విడిగా ఉన్నాయి. లేఖనాలతో సమానం కావు గానీ చదవడానికి మంచివి, ఉపయోగకరమైనవి అన్న సూచన వాటిపైన ఉంది. ఇక 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభ వాటిని మిగతా లేఖనాలతో సమానమని ప్రకటించి, ఒప్పుకోనివారిని శాపగ్రస్తులుగా పేర్కొంది. అది కొత్తగా కలిపిందేమీ లేదు. అవే పుస్తకాల పట్టిక 1442లోనే ఫ్లోరెన్స్ మహాసభ శాసనంలో వచ్చింది. ట్రెంట్ చేసిందల్లా, అప్పటిదాకా పండితులకు ఉన్న వెసులుబాటును తీసేసి తలుపు మూయడం.

ప్రొటెస్టెంటు బైబిళ్ల నుంచి ఆ పుస్తకాలు నిజంగా మాయమైంది చాలా ఆలస్యంగా. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా అవి ఉన్నాయి. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీలో స్కాట్లండ్ సభ్యులు పట్టుబట్టడంతో, 1826లో ఆ పుస్తకాల ముద్రణకు ఇక డబ్బు ఇవ్వకూడదని సొసైటీ తీర్మానించింది. 19వ శతాబ్దంలో లోకమంతా బైబిళ్లు చేరింది ఎక్కువగా ఇలాంటి సొసైటీల ద్వారానే. తెలుగునాట బాప్టిస్టు, లూథరన్ ఇళ్లలో తోబీతు పేరు కూడా తెలియకపోవడానికి సిద్ధాంతం ఎంత కారణమో, ఆ ముద్రణ పద్ధతీ అంతే కారణం.

తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు గ్రీకు సంపుటినే నమ్ముకుని కాథలిక్కుల కంటే మరికొన్ని ఎక్కువ ఉంచుకున్నాయి. ఇథియోపియా ఇంకా ముందుకు వెళ్లి హనోకు గ్రంథాన్ని కూడా కాపాడింది. ఆ గ్రంథం మొత్తంగా దొరికింది ఆ సంఘం వాడే గీజ్ భాషలోనే. కొత్త నిబంధనలోని యూదా పత్రిక హనోకు ప్రవచనమని చెప్పి ఉదహరించే మాటలు ఆ గ్రంథం మొదటి అధ్యాయంలో ఉన్నాయి. ఆ పత్రికను అంగీకరించి హనోకును ఎందుకు వదిలేయాలి అని ఇథియోపియా క్రైస్తవుడు అడిగితే, మిగతావారి దగ్గర తేలికైన జవాబు లేదు.

జెరోం కొలబద్దకు కూడా 20వ శతాబ్దంలో ఇబ్బంది వచ్చింది. మృతసముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో తోబీతు గ్రంథం అరమాయిక్, హెబ్రీ తునకలు, సీరా పుత్రుడి గ్రంథం హెబ్రీ తునకలు బయటపడ్డాయి. హెబ్రీ పట్టికలో ఉన్న ఎస్తేరు గ్రంథం మాత్రం ఒక్క తునక కూడా అక్కడ దొరకలేదు. హెబ్రీలో లేదు అన్న వాదం మక్కబీయుల రెండో గ్రంథానికి ఇప్పటికీ వర్తిస్తుంది, అది గ్రీకులోనే పుట్టింది. సీరాకు వర్తించదు. నిజానికి తగువు భాష గురించి కాదు. ఏవి లేఖనాలో చెప్పే అధికారం ఎవరిది, వాటిని కాపాడిన యూదు సమాజానిదా, వాటిని ఆరాధనలో చదివిన క్రైస్తవ సంఘానిదా అన్నదే ప్రశ్న. రెండు పక్షాలూ రెండు నిజమైన, పురాతనమైన జవాబులను పట్టుకుని ఉన్నాయి.

1968లో వాటికన్, ప్రొటెస్టెంటు బైబిల్ సొసైటీలు కలిసి అనువాదాలు చేయడానికి ఒక ఒప్పందానికి వచ్చాయి. ఉమ్మడి ప్రతుల్లో ఈ పుస్తకాలను లూథర్ చేసినట్టే విడి విభాగంగా ఉంచవచ్చని అనుకున్నారు. వాటిని లేఖనాలుగా ఒప్పుకోని పాఠకులు కూడా మక్కబీయుల మొదటి గ్రంథం ఒక్కసారి చదవడం మంచిది. యోహాను సువార్త 10వ అధ్యాయంలో శీతకాలంలో జరిగిన ఆలయ ప్రతిష్ఠ పండుగ ప్రస్తావన వస్తుంది, యేసు ఆ రోజుల్లో దేవాలయంలోనే ఉన్నాడు. ఆ పండుగ ఎందుకు, ఎలా మొదలైందో 66 పుస్తకాల్లో ఎక్కడా లేదు. మక్కబీయుల మొదటి గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది.